వట్రుసుడి తప్పితే గణం తప్పుతుంది

వచనంలో అచ్చుతప్పు కనిపిస్తే దిద్దేసి ముందుకు వెళ్లిపోవచ్చు. పద్యంలో అలా కుదరదు. అక్షరం మారితే కొన్నిసార్లు దాని తూకమూ మారుతుంది. తూకం మారితే గణం చెడుతుంది. అందుకే పత్రికలకు వచ్చే పద్యాల ప్రూఫులు చూసేవాళ్లు ఒక చేత్తో నిఘంటువు, మరో చేత్తో గణవిభజన పట్టుకుని కూర్చోవాలి.

తూకం అంటే గురువు, లఘువు. పొట్టిగా పలికే అక్షరం లఘువు. దీర్ఘం ఉన్నా, పక్కన సున్నా గానీ విసర్గ గానీ పొల్లు గానీ ఉన్నా, తర్వాతి అక్షరం ద్విత్వమో సంయుక్తమో అయినా అది గురువు. ఇందులో చివరి నియమమే అన్ని చిక్కులకూ మూలం. ఒక అక్షరానికి ఒత్తు చేరిస్తే బరువు దానికి కాదు, దాని ముందున్న అక్షరానికి పెరుగుతుంది. అంటే తప్పు ఒకచోట ఉంటే దెబ్బ ఇంకొకచోట తగులుతుంది.

సంగతి తేటపడాలంటే ఒక పద్యాన్ని చేతిలోకి తీసుకోవాలి. ఈ వ్యాసం కోసమే అల్లిన ఆటవెలది ఇది. తప్పులు కావాలనే ఉంచాం.

వాన చినుకు రాల వనమెల్ల పులకించె
దుఖమెల్ల తీరి తోట విరిసె
పైరు తలల నూపె ప్రక్రుతి నవ్వగా
రైతు భాద మరచి రాగమెత్తె

ఆటవెలది లెక్క చాలామందికి బడిలో నేర్చుకున్నదే. ఒకటో, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో, నాలుగో పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణం రెండు రకాలు: మూడు లఘువులైతే నగణం, గురువు తర్వాత లఘువు వస్తే హగణం. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. ప్రతి పాదంలోనూ మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి.

దిద్దడానికి కూర్చున్నవారు ముందు కలం పట్టకూడదు. ఉన్నది ఉన్నట్టుగానే గణవిభజన చేయాలి. తప్పు ఉన్నచోట గణం కూడా తప్పిందా, తప్పు ఉన్నా గణం నిలిచిందా అన్నది తేలాకే ఆ తప్పు ఎవరిదో, దాన్ని ఎంతవరకు తాకవచ్చో తెలుస్తుంది.

నాలుగో పాదంతో మొదలుపెడదాం. ‘భాద’ తప్పు, ‘బాధ’ ఒప్పు. రోజూ ఎక్కడో ఒకచోట కనిపించే పొరపాటే ఇది. రెండు రూపాల్లోనూ మొదటిది గురువు, రెండోది లఘువు. హగణం హగణంగానే ఉంది. యతి స్థానం కూడా కాదు. నిశ్చింతగా దిద్దుకోవచ్చు. అల్పప్రాణ మహాప్రాణాల తారుమారు ఏదైనా సాధారణంగా ఇంతే. ‘విధ్య’ను ‘విద్య’ చేసినా, ‘అద్బుత’ను ‘అద్భుత’ చేసినా తూకం కదలదు. ‘తత్వం’ ‘తత్త్వం’ అయినా అంతే. మొదటి తకారం రెండింటిలోనూ గురువే, కాబట్టి కింద ఒక ఒత్తు ఉందా రెండున్నాయా అన్న పేచీ ఛందస్సుకు పట్టదు.

రెండో పాదం తీరు వేరు. ‘దుఖమెల్ల’ అని ఉన్నదాన్ని ఉన్నట్టే విడదీస్తే లఘువు, లఘువు, గురువు, లఘువు వస్తాయి. మొదటి రెండు లఘువుల తర్వాత గురువు వచ్చేసరికి ఏ సూర్యగణమూ కుదరదు. విసర్గ పెట్టి ‘దుఃఖమెల్ల’ అంటే దుః గురువు, ఖ లఘువు. మె గురువు, ల్ల లఘువు. రెండు హగణాలు చక్కగా వచ్చాయి. రాసినవారు లెక్క సరిగానే వేసుకున్నారు, విసర్గ ఎక్కడో టైపింగులో జారిపోయిందన్నమాట. తప్పు ఉన్నచోటే గణం కూడా తప్పి, తప్పు దిద్దగానే గణం కూడా సర్దుకుంటే అది రాతలో జరిగిన పొరపాటే. ఇలాంటిది దిద్దడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ‘అంతపురం’ అని పడితే ‘అంతఃపురం’ అని దిద్దడం కూడా ఈ కోవలోదే.

మూడో పాదంలో అసలు చిక్కు ఉంది. ‘ప్రక్రుతి’ తప్పు, ‘ప్రకృతి’ ఒప్పు. క్రు అంటే కకారానికి రకారపు ఒత్తు, పైన కొమ్ము. అది సంయుక్తాక్షరం, కాబట్టి ముందున్న ‘ప్ర’ గురువవుతుంది. కృ అలా కాదు. వట్రుసుడి ఋ అనే అచ్చుకు గుర్తు. కి, కు ఎలాగో కృ కూడా అలాగే ఒకే హల్లు మీద ఒక అచ్చు. దాని ముందున్న ‘ప్ర’ లఘువుగానే ఉండిపోతుంది. మన నోటికి రెండూ ‘క్రు’ లాగే పలుకుతాయి గనుక చెవి ఈ తేడాను పట్టుకోలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే అలవాటు దీనికి తోడైంది. పలికినట్టే కొడితే తెర మీద క్రు వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ‘ప్రక్రుతి’ గురువు, లఘువు, లఘువు. అంటే భగణం, సరైన ఇంద్రగణం. తర్వాతి ‘నవ్వగా’ రగణం. తప్పు రాతతో పాదం తప్పు లేకుండా నడుస్తోంది. నిఘంటువు చూసి ‘ప్రకృతి’ అని దిద్దారో, మూడు లఘువులే మిగులుతాయి. అది సూర్యగణం, ఇక్కడ ఉండాల్సింది ఇంద్రగణం. పక్కనున్న ‘న’ను కలుపుకుంటే నగగణం వస్తుంది, కానీ చివర ‘వ్వగా’ అని లఘువు, గురువు మాత్రమే మిగిలి పాదం కుంటుతుంది. ఇది టైపింగు పొరపాటు కాదు. తప్పుడు వర్ణక్రమం మీదే లెక్క కట్టి అల్లిన పాదం. మాటను దిద్దితే పాదాన్ని కూడా దిద్దాల్సిందే.

దిద్దేటప్పుడు కదిలించేది ఎంత తక్కువైతే అంత మంచిది. ఈ పాదంలో లోటు ఒక్క లఘువే. ‘ప్రకృతియె నవ్వగా’ అంటే నాలుగు లఘువులతో నలగణం, ఆపైన పాత రగణం యథాతథం. ‘ప్రకృతి తా నవ్వగా’ అన్నా నగగణంతో సరిపోతుంది. రెండింటిలోనూ నాలుగో గణం ‘ప్ర’తోనే మొదలైంది కాబట్టి ‘పై’తో యతి చెడలేదు. మొదటిదాంట్లో ‘ప్రకృతే స్వయంగా’ అన్న నొక్కు చేరుతుంది, రెండోదాంట్లో ‘తాను’ అన్న మాట చేరుతుంది. ఏది కావాలో చెప్పాల్సింది కవి. దిద్దేవారు రెండూ రాసి పంపి అడగాలి. పాదంలో అక్షరాలు పదమూడు నుంచి పద్నాలుగయ్యాయి కదా అంటే, ఆటవెలదికి లెక్క అక్షరాలతో కాదు, గణాలతో. అందుకే ఈ వెసులుబాటు దొరికింది.

ఉత్పలమాలలో అయితే ఇది సాగదు. అక్కడ పాదానికి ఇరవై అక్షరాలు, ఎక్కడ గురువు ఉండాలో ఎక్కడ లఘువు ఉండాలో ముందే ఖాయం. మొదటి గణం భగణం. ఎవరైనా పాదాన్ని ‘ప్రక్రుతి’తో ఎత్తుకున్నారనుకుందాం. ‘ప్రకృతి’ అని దిద్దగానే మొదటి అక్షరమే లఘువైపోతుంది, యె చేర్చి గట్టెక్కే దారి లేదు. వేరే మాట వెతుకుదామంటే, పాదంలో రెండో అక్షరం ప్రాసస్థానం. దాన్ని మారిస్తే మిగతా మూడు పాదాల ప్రాసా పోతుంది. అలాంటి పద్యాన్ని కవికి తిప్పి పంపడం తప్ప చేయగలిగింది లేదు.

మన పద్యంలో మొదటి పాదానికి ఏ తప్పూ లేదు. ప్రమాదం అక్కడే ఉంది. వాడుకభాషకు అలవాటుపడిన చెయ్యి ‘వనమెల్ల’ను ‘వనం ఎల్ల’ అని విడగొట్టేస్తుంది. లఘువు, లఘువు, గురువు, లఘువుగా ఉన్న సలగణం కాస్తా లఘువు, గురువు, గురువు, లఘువు అవుతుంది. ‘నిజము’ను ‘నిజం’ చేసినా ఇదే తంతు. మూడు లఘువుల నగణం పోయి లఘువు, గురువు మిగులుతాయి. మాత్రలు లెక్కపెడితే రెండూ మూడే గనుక తేడా లేనట్టు అనిపిస్తుంది, గణం మాత్రం చెడింది. పద్యంలో ‘ము’ పాతవాసన కాదు, అక్కడ అది ఒక లఘువు.

కొన్ని మార్పులు తూకాన్ని ముట్టుకోకుండానే పద్యాన్ని పాడుచేస్తాయి. ‘వ్రాసె నొక్క లేఖ వలపుతో నా చెలి’ అన్న పాదం తీసుకోండి. ‘వ్రాసె’ను నేటి పద్ధతిలో ‘రాసె’ చేస్తే హగణం హగణంగానే ఉంటుంది. కానీ యతి కుదిరింది వ్రాలోని వకారానికీ ‘వలపు’లోని వకారానికీ. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి చెల్లుతుంది గనుక కవి దాన్ని వాడుకున్నారు. వకారం తీసేస్తే యతిభంగం. గణాలు మాత్రమే లెక్కపెట్టుకునేవారికి ఇది దొరకదు.

పాత పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకు ఇంకో తలనొప్పి అరసున్న. ‘కలఁడు’ మూడు లఘువులు. అరసున్నను నిండుసున్నగా చదివి ‘కలండు’ అని కొడితే మధ్య అక్షరం గురువైపోతుంది. ‘కలండు’ కూడా గ్రాంథికంలో ఉన్న రూపమే కాబట్టి మాటగా చూస్తే తప్పు పట్టలేం. గణం విడదీసి చూస్తేనే బయటపడుతుంది. అరసున్నను పూర్తిగా వదిలేసి ‘కలడు’ అన్నా తూకానికి నష్టం లేదు.

ఇదే లెక్క తిరగేసి కూడా పనికొస్తుంది. చాలా పాత రాతప్రతుల్లో ఎకార ఏకారాల తేడా రాతలో కనిపించదు. ‘నెల’ అని ఉంటే అది నెలా, నేలా? అక్కడ గణానికి గురువు కావాలంటే నేల, లఘువు కావాలంటే నెల. సి.పి. బ్రౌన్ ఎన్నో రాతప్రతులను పోల్చి చూసి 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. వాటిలో ఎక్కువ ఆటవెలదులే. అలాంటి పనికి కూర్చున్న పరిష్కర్తకు ఏ ప్రతిలోని పాఠాన్ని తీసుకోవాలో తేల్చడానికి ఛందస్సు ఒక సాక్షి. అయితే రెండు పాఠాలూ గణానికి సరిపోతే ఆ సాక్షి నోరు విప్పదు. అప్పుడు అర్థాన్నీ కవి వాడుకనూ చూసుకోవాలి, రెండో పాఠాన్ని అడుగున పాఠాంతరంగా చూపాలి.

బతికున్న కవి పద్యంలో ‘యె’ చేర్చాలన్నా అడిగి చేర్చవచ్చు. గతించిన కవి పద్యంలో ఆ వీలు లేదు. అక్కడ తప్పు రాత మీదే పాదం నిలబడి ఉంటే పాదాన్ని ఉన్నట్టే ఉంచి, సరైన రూపం అడుగున వేయడమే పద్ధతి.