మైకు ఒకవైపే ఉన్నప్పుడు

తణుకులో రిసెప్షన్ అంటే సాధారణంగా సాయంత్రం ఏడు గంటలకని శుభలేఖలో వేస్తారు. ఏడింటికి హాల్లో ఉండేది డెకరేషన్ వాళ్లూ, ఫొటోగ్రాఫర్లూ, ముందుగా వచ్చి ఏసీ కింద కుర్చీలు పట్టుకున్న నలుగురు పెద్దవాళ్లూ. ఎనిమిదికల్లా హాలు నిండుతుంది. ఎనిమిదింబావుకి వేదిక ముందు ఫొటోల కోసం వరస మొదలవుతుంది. ఆ వరస కట్టాక ఎవరు మాట్లాడినా వినేవాళ్లుండరు, ఎందుకంటే అప్పటినుంచి హాలును నడిపించేది ఫొటోగ్రాఫరే. స్వాగతం చెప్పాల్సినవాడికి దొరికేది హాలు నిండడానికీ వరస కట్టడానికీ మధ్యనున్న ఆ పదిహేను నిమిషాల్లో రెండు నిమిషాలు.

ఈ రెండు నిమిషాల్ని మనవాళ్లు రెండు రకాలుగా పాడుచేస్తారు. మొదటిది చరిత్ర. నన్నయ తణుకులో యజ్ఞం చేశాడని ఊళ్లో ఒక ప్రతీతి ఉంది. మైకు దొరికినవాడికి అది గుర్తొస్తే పదకొండో శతాబ్దం నుంచి ఎత్తుకుంటాడు. రాజరాజ నరేంద్రుడి దాకా వచ్చేసరికి చారు చల్లారిపోతుంది. రెండోది హాస్యం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

మన పెళ్లిళ్లలో రెండువైపులవాళ్లూ ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఈనాటిది కాదు. బంతి భోజనాల దగ్గర ఆడవాళ్లు వియ్యాలవారి పాటలు పాడేవారు. వియ్యపురాలి నడక, ఆవిడ తిండి, ఆవిడ పెట్టుపోతల పిసినారితనం, ఏదీ వదిలేవారు కాదు. బయట అంటే తగువులయ్యే మాటలు బంతిలో పాటగా అంటే నవ్వుకుని ఊరుకునేవారు. ఎందుకు చెల్లింది? పాట అయ్యీ కాగానే అవతలివైపు నుంచి జవాబు పాట వచ్చేది. వీళ్లు ఒకటి అంటే వాళ్లు రెండు అనేవారు. లెక్క సరిపోయేది, ఎవరి మనసులోనూ మిగిలేది కాదు. పాట రానివాళ్లుంటే పాడించడానికి ఒక గడుసు పిన్నిని ముందే వెంటబెట్టుకుని వచ్చేవారు.

రిసెప్షన్‌లో మైకు ఒక్కటే. అది ఒకవైపువాళ్ల చేతిలోనే ఉంటుంది. వరుడి బాబాయి వియ్యంకుణ్ణి ఒక మాటంటే ఆయన కుర్చీలో కూర్చుని నవ్వాలి తప్ప జవాబు చెప్పే దారి లేదు. మాట అదే అయినా బంతిలో అది పరాచికం, మైకులో ఎత్తిపొడుపు. పైగా మూడు కెమెరాలు దాన్ని రికార్డు చేస్తుంటాయి. వియ్యపురాలి పాట గాలిలో కలిసిపోయేది, ఇది పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది.

గోదావరి జిల్లాలవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. మన వెటకారం మొహం మీద నవ్వు లేకుండా, చాలా మర్యాదగా, మాట మాటకీ ‘అండి’ తగిలించి నడుస్తుంది. తణుకువాడికి అది హాస్యమని వెంటనే తెలుస్తుంది. అవతలివాళ్లు పల్నాటి నుంచి వచ్చినవాళ్లయితే ఆ మాటని ఉన్నదున్నట్టుగా తీసుకుంటారు. ‘మీరు పెట్టిన విడిదిలో హాయిగా పడుకున్నామండి, దోమలు కూడా మర్యాదగానే కుట్టాయండి’ అని మనవాడు సరదాకే అంటాడు. వాళ్లు మాత్రం దోమల గురించి రాత్రంతా లోపల్లోపల చర్చించుకుంటారు.

కాబట్టి స్వాగతం చెప్పేవాడి హాస్యం మైకు పట్టుకున్నవాళ్ల మీదే పడాలి. తన మీద, తన ఇంటివాళ్ల మీద, తన ఊరి మీద. అవతలివైపు ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని ఉండకూడదు. ఇది మెత్తదనం కోసం పెట్టుకున్న నియమం కాదు, మైకు ఒకటే ఉండడం వల్ల వచ్చిన నియమం.

ఒక సందర్భం అనుకుందాం. అబ్బాయిది తణుకు, అమ్మాయిది నరసరావుపేట. పెళ్లి వాళ్ల ఊళ్లో అయింది, రిసెప్షన్ ఇక్కడ అబ్బాయివాళ్లు చేస్తున్నారు. మైకు పెళ్లికొడుకు బాబాయి చేతికిచ్చారు. ఆయన ఇలా మొదలుపెట్టొచ్చు:

‘అందరికీ నమస్కారమండీ. నేను పెళ్లికొడుకు బాబాయినండి. నరసరావుపేట నుంచి వచ్చిన మా వియ్యాలవారికీ, వారి బంధువులకీ ముందుగా మా ఇంటిల్లిపాది తరఫున స్వాగతమండీ. కృష్ణ దాటి ఇంతదూరం వచ్చారు. గోదావరి కూడా దాటించే ఉద్దేశం లేదండి, అందుకే ఇవతలే ఆపేశాం. ఇక మా ఊరివాళ్లూ, మా చుట్టాలూ, మిమ్మల్ని విడిగా పిలవక్కర్లేదు, మీరూ పెళ్లివారే. మా వియ్యాలవారి విస్తళ్లు చూసుకోవాల్సింది మీరే.

‘వియ్యాలవారికి ఒక జాగ్రత్త చెప్పాలండి. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే మావాళ్లు ఆగరు, చేతిమీదే వడ్డిస్తారు. లేచి వెళ్లిపోదామనుకుంటే గుమ్మం దగ్గర పూతరేకులు పట్టుకుని మా పెద్దన్నయ్యగారు నిలబడి ఉన్నారు.

‘అమ్మా కోడలా, మా ఇంట్లో అందరం ఒకేసారి మాట్లాడతాం. ఎవరి మాట వినాలో తెలీకపోతే మామ్మ మాట విను. మేమూ అదే చేస్తున్నాం.

‘పెద్దవాళ్లకి బల్లల మీద వడ్డన ఎడమవైపు హాల్లో మొదలైందండి. మెట్లు ఎక్కలేనివాళ్ల దగ్గరికి పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వాళ్లే దిగి వస్తారు. ఇప్పుడు మా బావగారు, పెళ్లికూతురి నాన్నగారు, ఒక్క మాట చెబుతారు.’

తీరుబడిగా చదివినా రెండు నిమిషాలు దాటదు. ఇందులో ఏది ఎందుకుందో చూద్దాం.

ముందు పిలుపు దూరం నుంచి వచ్చినవాళ్లకి. సొంత ఊరివాళ్ల పేర్లతో మొదలుపెడితే అతిథులు తామెప్పుడొస్తామా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. రెండువైపులవాళ్లనీ కలిపి ‘విచ్చేసిన పెద్దలందరికీ’ అని ఒకేసారి చుట్టేస్తే ఎవరినీ పిలిచినట్టు కాదు. ఇక్కడ ఊరివాళ్లకి చెప్పిన మాట చూడండి, స్వాగతం కాదు, పని. మనవాళ్లకి గౌరవం కంటే అజమాయిషీ ఇస్తేనే తృప్తి.

వ్యక్తుల పేర్లు లేవు. ఇది కావాలని చేసిందే. ఒక పెదనాన్న పేరు చెబితే మిగతా ముగ్గురు పెదనాన్నల పేర్లూ చెప్పాలి. పదహారు పేర్లు చదివి పదిహేడోది మర్చిపోతే, జ్ఞాపకం ఉండేది ఆ పదిహేడోదే. పేర్లు చెప్పాల్సి వస్తే అవి రెండువైపుల తల్లిదండ్రులవి, బతికున్న తాత మామ్మలవి మాత్రమే. వాటినీ ముందురోజే అవతలివాళ్లని అడిగి కాగితం మీద రాసుకోవాలి. ఇంటిపేరు తప్పు పలికితే ఆ తర్వాత ఎంత మంచి మాట చెప్పినా ఎక్కదు. ఎమ్మెల్యేగారు వస్తే? వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు. ఆయన కోసం స్వాగతం ఆపితే ఫొటోల వరస కట్టేస్తుంది.

కృష్ణ, గోదావరి మాట తేలిగ్గా ఉండడానికి కారణం భూగోళం. నరసరావుపేట నుంచి వచ్చేవాళ్లు కృష్ణ దాటక తప్పదు. తణుకు గోదావరికి పడమటి పక్కనే ఉంది కనక గోదావరి దాటే పని లేదు. ఇది వాళ్ల ప్రయాణం గురించిన మాట, వాళ్ల గురించి కాదు. అదే సంబంధం అమలాపురం నుంచి వస్తే ఈ మాట పనికిరాదు, వాళ్లు గోదావరి దాటే వచ్చారు.

వడ్డన మాటలో దెబ్బ మనమీద. మన మర్యాద కాస్త ఎక్కువేనని అవతలివాళ్లు మధ్యాహ్నం నుంచీ అనుకుంటూనే ఉంటారు. ఆ మాట మనమే అనేస్తే వాళ్లు ధైర్యంగా నవ్వుతారు.

కోడలితో మాట్లాడినచోట హాస్యం ఆ అమ్మాయి మీద కాదని గమనించాలి. చాలామంది ఇక్కడ వంట వచ్చా అని అడుగుతారు, లేదా ఇక మావాడి పని అయిపోయిందంటారు. పెళ్లయితే మగవాడి పని అయిపోతుందనే ఛలోక్తికి మన సినిమాల్లోనే గడ్డం నెరిసింది. రంగు, ఎత్తు, జీతం, వచ్చే ఏడాదికల్లా మనవడు, ఇంతకుముందు చూసిన సంబంధాలు, ఇవేవీ మైకు దగ్గరికి రాకూడదు. కట్నం మాట అసలే వద్దు. అది 1961 నుంచీ చట్టరీత్యా నేరం. నేరాన్ని వీడియోగ్రాఫర్ ముందు సరదాగా ఒప్పుకోవడం అంత తెలివైన పని కాదు.

చివర మైకు వియ్యంకుడి చేతికి ఇవ్వడం ఈ మొత్తంలో ముఖ్యమైన పని. పాత బంతిలో జవాబు పాటకి ఉన్న చోటు ఇదే. ఆయనకి ముందే చెప్పి ఉంచాలి, ఒక్కసారిగా మీదకి తోస్తే తడబడతారు. మాట్లాడడం ఇష్టంలేని మనిషైతే వాళ్లవైపు నుంచి ఇంకెవరినైనా వాళ్లనే ఎంచుకోమనాలి. మేనమామలు సాధారణంగా సిద్ధంగానే ఉంటారు, ఆపడమే కష్టం.

ఇంకో మెలిక. మనవైపు ముహూర్తం తెల్లవారుజామున ఉంటే రిసెప్షన్ ముందురోజు సాయంత్రమే పెట్టేస్తారు. అలాంటప్పుడు ‘నూతన దంపతులు’ అని పిలిస్తే ముందు వరసలో ఉన్న పురోహితుడు తల అడ్డంగా ఊపుతాడు. జీలకర్ర బెల్లం కాలేదు, మూడుముళ్లు పడలేదు, అప్పటికి వాళ్లు వధూవరులే. కోడలా అన్న పిలుపూ ఆ సాయంత్రానికి తొందరే, పేరు పెట్టి అమ్మా అంటే సరిపోతుంది.

మాటలు పండుతున్నాయా లేదా అన్నది చప్పట్లను బట్టి తెలియదు, చప్పట్లు అందరికీ కొడతారు. హాల్లో రెండువైపులవాళ్లూ ఎవరికి వారు గుంపుగా కూర్చుంటారు కదా, నవ్వు ఏ గుంపులోంచి వచ్చిందో చూడాలి. మనవైపు మాత్రమే నవ్వితే ఆ మాట అవతలివాళ్లకి గుచ్చుకుంది, లేదా అర్థం కాలేదు. రెండిట్లో ఏదైనా సరే, మళ్లీ విడమరిచి చెప్పకూడదు. తర్వాతి ఛలోక్తి వదిలేసి నేరుగా భోజనాల దగ్గరికి వెళ్లిపోవాలి.

ఇక మైకు సంగతి. స్పీకర్ల ముందుకొచ్చి నిలబడితే కూత పెడుతుంది, వాటి వెనక్కి జరగాలి. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోవాలి, మరీ దగ్గరైతే ‘భ’, ‘ఫ’ దగ్గర గాలి కొట్టి మాట తెలియదు. పాటలు పెట్టే కుర్రాడితో ముందే మాట్లాడుకుంటే మధ్యలో తీన్మార్ రాదు. జనరేటరు దారికి అడ్డంగా తెల్ల కారు పెట్టినవాళ్లు వెంటనే తియ్యాలన్న చీటీ మాత్రం స్వాగతం సగంలో ఉండగానే చేతికొస్తుంది. ఆ చీటీ జేబులో పెట్టుకుని, వియ్యంకుడు మాట్లాడాక చదవాలి. చాలాసార్లు ఆ కారు ఆయనదే అవుతుంది.