ముప్పై దగ్గర ఆగిన లెక్క

గిట్‌హబ్‌లో ఓ ప్రాజెక్టుకు పుల్ రిక్వెస్టులతో కలిపి 245 ఇష్యూలు తెరిచి ఉన్నాయనుకుందాం. డాష్‌బోర్డును ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా 30 అనే చూపిస్తుంది. ఎర్రర్ కూడా రాదు. సర్వర్ 200 అనే జవాబిచ్చింది మరి!

గిట్‌హబ్ ఏపీఐ మామూలుగా పేజీకి 30 రికార్డులే ఇస్తుంది. `per_page=100` అని అడిగితే వంద ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. తర్వాతి పేజీ చిరునామా జవాబుతో పాటు వచ్చే `Link` హెడర్‌లో `rel="next"` పక్కన ఉంటుంది. హడావిడిగా రాసిన ప్రోగ్రాము దాన్ని చూడనే చూడదు. అది కనిపించినంతసేపూ అడుగుతూనే ఉండాలి: 100, 100, 45. మూడో పేజీలో అది ఉండదు, అక్కడ ఆగాలి. మధ్యలో ఏ పేజీ అయినా రాకపోతే, ఆ సగం లెక్కతో పాత అంకెను చెరిపేయకూడదు.

మీ డాష్‌బోర్డులో సరిగ్గా 30 గానీ 100 గానీ కనిపిస్తే ఓసారి అనుమానించండి.