అద్దింట్లో ఇంకెన్నాళ్లు?

అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "విలాసాన్ని అనుభవించండి". ఇంగ్లిష్‌లో "ఎక్స్‌పీరియన్స్ లగ్జరీ" అని రాసుకున్న శీర్షికకు ఇది మక్కికి మక్కి తెలుగు. నిఘంటువు ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ క్రియ తెలుగిళ్లలో ఎక్కువగా వినిపించేది ఎలాంటి సందర్భంలో? "చెబితే విన్నావా? ఇప్పుడు అనుభవించు!" భోగాలు అనుభవించడం కూడా తెలుగే. కాకపోతే ఎదుటి మనిషిని ఉద్దేశించి "అనుభవించండి" అనేసరికి అందులో శాపనార్థమే ముందు వినబడుతుంది. కోటి రూపాయల ఫ్లాట్ కొనబోయేవాళ్లను పలకరించే మాట కాదది.

లోరియాల్ కంపెనీకి 1973లో ఇలాన్ స్పెక్ట్ అనే రచయిత్రి రాసిన "బికాజ్ ఐయామ్ వర్త్ ఇట్" ప్రపంచమంతా తిరిగిన వాక్యం. నా కోసం నేను ఖర్చు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఒక స్త్రీ గట్టిగా చెప్పే మాట. దాన్ని ఉన్నదున్నట్టు దింపితే "ఎందుకంటే నేను అందుకు అర్హురాలిని" అవుతుంది. అర్హులు, అనర్హులు అనగానే మనకు గుర్తొచ్చేది రేషన్ కార్డు, పింఛను జాబితా. పైగా "ఎందుకంటే"తో వాక్యం మొదలైతే దాని ముందు ఇంకేదో ఉండాలనిపిస్తుంది. "నా కోసం ఆమాత్రం చేసుకోకూడదా?" అంటే మన ఆడవాళ్ల నోటి మాటకు దగ్గరగా వస్తుంది. మాటలన్నీ మారాయి, భావం మిగిలింది.

ఇంత తేలిగ్గా పట్టుబడే తేడా ఏజెన్సీల్లో రాసేవాళ్లకు తెలియదా? తెలుసు. చిక్కు వాళ్ల దగ్గర లేదు, ఆమోదం తెలిపే పద్ధతిలో ఉంది. దేశమంతా విడుదలయ్యే ప్రకటన సాధారణంగా ముంబయిలోనో ఢిల్లీలోనో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ముందు తయారవుతుంది. బొమ్మ, రంగులు, శీర్షికకు కేటాయించిన జాగా అన్నీ ఖాయమయ్యాకే తెలుగు, తమిళం, కన్నడం చేసేవాళ్ల చేతికొస్తుంది. తెలుగులో రాసినదాన్ని ఖరారు చేయాల్సిన మేనేజరుకు తెలుగు రాదు. అందుకని తెలుగు వాక్యాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి పక్కన పెట్టమంటారు. దీన్నే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు. ఆయన మూల వాక్యాన్నీ, తిరిగొచ్చిన వాక్యాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. రెండూ ఒకేలా ఉంటే సంతకం పెడతారు.

ఈ పరీక్షలో సులువుగా నెగ్గేది మక్కికి మక్కి వాక్యమే. "విలాసాన్ని అనుభవించండి" తిరిగి "ఎక్స్‌పీరియన్స్ లగ్జరీ"గానే వస్తుంది. చక్కటి తెలుగు వాక్యం మాత్రం ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోయి, "మేం అడిగింది ఇది కాదే" అనిపించుకుంటుంది. గడువు దగ్గర పడ్డ రచయిత రెండుసార్లు వాదించి, మూడోసారి అడిగిందే రాసిచ్చేస్తాడు.

ఈ జల్లెడను దాటుకుని వచ్చిన మంచి వాక్యాలూ ఉన్నాయి. 2018లో వొడాఫోన్‌తో కలిసిపోయిన ఐడియా కంపెనీ నినాదం ఇంగ్లిష్‌లో "యాన్ ఐడియా కెన్ చేంజ్ యువర్ లైఫ్". యథాతథంగా రాస్తే "ఒక ఆలోచన మీ జీవితాన్ని మార్చగలదు" అని వచ్చేది. అది పాఠ్యపుస్తకం వాక్యం. తెలుగు జనం విన్నది వేరు: "ఒక్క ఐడియా మీ జీవితాన్నే మార్చేస్తుంది". "ఒక"కు వత్తు తగిలింది. "జీవితాన్ని" చివర ఏకారం చేరింది. "మార్చగలదు" అనే సంశయం పోయి "మార్చేస్తుంది" వచ్చింది. ఇంగ్లిష్‌లో గొంతు పెంచి పలికి సాధించే నొక్కును తెలుగు ఇలా పదం లోపలే పెట్టుకుంటుంది. సర్ఫ్ ఎక్సెల్ వారి "మరక మంచిదే"లోనూ ఆ ఏకారమే పని చేసింది. మరక మంచిదేమిటని తల్లి అనబోయే మాటకు అందులో ముందే జవాబుంది. మూలంలోని "డర్ట్"ను "మురికి" చేసి ఉంటే ఏ తల్లీ ఒప్పుకునేది కాదు.

పోలియో చుక్కల ప్రచారానికి హిందీలో "దో బూంద్ జిందగీ కీ" అన్నారు. తెలుగులో "నిండు జీవితానికి రెండు చుక్కలు" అయింది. నిండు, రెండు అన్న ప్రాసను మన చెవి ఇట్టే పట్టుకుంటుంది. "నిండు నూరేళ్లు" అని బిడ్డను దీవించే అలవాటు కూడా దానికి తోడైంది. హిందీలో లేని దీవెన తెలుగులోకి అలా వచ్చి చేరింది.

లలితా జ్యువెలరీ ప్రకటనలో యజమాని కిరణ్ కుమార్ "డబ్బులు ఊరికే రావు" అన్నప్పుడు అది ప్రకటన భాషగానే అనిపించలేదు. ప్రతి ఇంట్లో నాన్న అనే మాటే కదా!

ఇక ఒక శీర్షిక తెలుగులో ఎలా తయారవుతుందో వరసగా చూద్దాం. గృహరుణం ఇచ్చే బ్యాంకు నుంచి "యువర్ డ్రీమ్ హోమ్ ఈజ్ నౌ వితిన్ రీచ్" అనే ఇంగ్లిష్ శీర్షిక వచ్చిందనుకుందాం. మొదటి తర్జుమా: "మీ కలల ఇల్లు ఇప్పుడు మీకు అందుబాటులో". కలల ఇల్లు, కలల సౌధం అన్న మాటలు ప్రకటనల్లో తప్ప బయట వినపడవు. గుంటూరులో రెండు గదుల వాటాలో ఉంటున్న ఉద్యోగి ఇంట్లో కల గురించి మాట్లాడడు. నెల మొదట్లో అద్దె ఇచ్చొచ్చి, "ఈ డబ్బేదో సొంతింటికి కట్టుకున్నా బాగుండేది" అంటాడు. రచయితకు కావాల్సిన సరుకు అక్కడుంది.

దాంతో రెండో వాక్యం పుడుతుంది: "ఆ అద్దేదో సొంతింటికే కట్టండి". వినడానికి బాగుంది, ఇంటి మాటలా ఉంది. బ్యాంకు న్యాయ విభాగం మాత్రం దీన్ని ఆపుతుంది, ఆపడం న్యాయం కూడా. అద్దె, నెలవాయిదా సమానమని ఆ వాక్యం మాటిస్తోంది. చాలామంది విషయంలో వాయిదా అద్దెకన్నా ఎక్కువే ఉంటుంది. మూలంలో లేని హామీ నుడికారం చాటున దూరింది. ప్రకటనల స్వీయ నియంత్రణకు 1985లో ఏర్పడిన ఆస్కీ మండలికి ఎవరైనా ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఆ లెక్క నిరూపించాలి. తెలుగుదనం వెంట పడ్డప్పుడు తరచూ జరిగే పొరపాటు ఇదే. సామెతలూ ఇంటి మాటలూ కాస్త పెంచి చెబుతాయి, ప్రకటనకు ఆ స్వేచ్ఛ లేదు.

మూడో ప్రయత్నం: "అద్దింట్లో ఇంకెన్నాళ్లు?" ఇందులో హామీ ఏదీ లేదు. ఉన్నది ప్రశ్న ఒక్కటే, అదీ అత్తగారో మేనమామో పండక్కొచ్చినప్పుడు అడిగేదే. వడ్డీ ఎంత, గడువు ఎంత అన్నవి కింద చిన్న అక్షరాల్లో స్పష్టంగా చెప్పుకోవచ్చు. అక్కడ ఈఎంఐని ఈఎంఐ అనే రాయాలి. "సమీకృత నెలసరి వాయిదా" అంటే బ్యాంకు గుమాస్తాకే అర్థం కాదు. సహజమైన తెలుగంటే ఇంగ్లిష్ మాట లేని తెలుగని కాదు.

ఇప్పుడు దీన్ని ముంబయి ఒప్పుకోవాలి. బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌లో "ఇల్లు" తప్ప మూలంలోని మాట ఒక్కటీ కనిపించదు. అనుభవమున్న రచయితలు అందుకే దాని పక్కన ఇంకో గడి చేరుస్తారు. ఈ మాట ఎవరు ఎవరితో అంటారు, విన్నవాళ్లకు ఏమనిపిస్తుంది, మూలంలోని ఏ భావం ఇందులో ఎక్కడుంది అన్నవి అందులో నాలుగు వాక్యాల్లో రాస్తారు. మాటల పోలికను పక్కన పెట్టి భావాన్ని తూచమని మేనేజరును అడగడం అది. కొన్ని కంపెనీలు ఇంకాస్త ముందుకెళ్లి, ఇంగ్లిష్ శీర్షికకు బదులు ఎవరికి ఏం చెప్పాలన్న వివరమే తెలుగు రచయితకు ఇస్తాయి. అప్పుడు తర్జుమా చేయడానికి శీర్షికే ఉండదు.

ఆమోదం వచ్చాక కూడా ముద్రణ దగ్గర ఒక కన్నేసి ఉంచాలి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు కొలిచి పెట్టిన జాగాలో తెలుగు ఇమడదు. గుడి, తలకట్టు పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. వరసల మధ్య ఎడం పెంచకపోతే పై వరుసలోని వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. "అద్దింట్లో"లో ద-వత్తు, ల-వత్తు, "ఇంకెన్నాళ్లు"లో న-వత్తు, ల-వత్తు ఉన్నాయి. హోర్డింగు అచ్చుకు వెళ్లే ముందు ఆ నాలుగూ తెగకుండా ఉన్నాయో లేదో తెలుగు చదవగలిగిన మనిషి ఒకసారి చూడాల్సిందే.