రేగడి నేల మీద రథం

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన సున్నపురాతి పలక ఒకటి ఉంది. సుమారు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది. చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు, మేఘాల్లోంచి నాణేలు రాలుతుంటాయి. బౌద్ధులు చెప్పే ఏడు రత్నాలు ఆయన చుట్టూ కొలువై ఉంటాయి. రాణి, మంత్రి, ఏనుగు, మణి వగైరాలతో పాటు చక్రమూ గుర్రమూ అందులో ఉన్నాయి. అయితే ఆ రెంటినీ శిల్పి రథంగా కలపలేదు, దేనికదే చెక్కాడు. చరిత్రలో కూడా అవి చాలాకాలం దేని దారిన అవే నడిచాయి.

చక్రం ముందు పుట్టింది. క్రీ.పూ. 3500 ప్రాంతానికే ఇరాక్ నుంచి పోలండ్ దాకా బండ్లు తిరుగుతున్నాయి. వాటిని లాగింది ఎడ్లు. పలకలు అతికించి గుండ్రంగా కోసిన ఆ నిండు చక్రాలు మహా బరువు. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న పెంపుడు గుర్రాల మూలజాతి మాత్రం క్రీ.పూ. 2200 ప్రాంతంలో వోల్గా, డాన్ నదుల మధ్య గడ్డిమైదానాల్లో స్థిరపడి, అక్కణ్ణుంచి పాకింది. ఆకుల చక్రం వచ్చేదీ ఆ తర్వాతే. నడిమి దిమ్మకు ఆకులు బిగించి, వాటి కొసల్ని వంపు చెక్కలతో చుట్టేస్తే చక్రం బరువు బాగా తగ్గిపోతుంది. అప్పుడుగానీ గుర్రం పరుగుకు బండి తోడు రాలేకపోయింది. ఈజిప్టు సమాధుల్లో దొరికిన రథాలైతే ఇద్దరు మనుషులు ఎత్తగలిగేంత తేలిక.

అలాంటి రథం యుద్ధంలో ఒక విలుకాణ్ణి ఎవరూ అందుకోలేనంత వేగంగా తిప్పగలదు. కానీ దానికి చదునైన గట్టి నేల కావాలి. కృష్ణా డెల్టా రేగడి సంగతి వేరే చెప్పాలా? నాలుగు చినుకులు పడితే ఇరుసు దాకా దిగబడుతుంది. పొలాలు ఆరి, కోతలయ్యాక గానీ బండి చేలో అడుగుపెట్టలేదు. అప్పుడు కూడా గుర్రం కాదు, ఎద్దే కావాలి. నిదానంగా లాగుతుంది, గడ్డి తిని బతుకుతుంది, చీలిన గిట్టలతో బురదలో నిలదొక్కుకుంటుంది. ఇక్కడి వర్తకానికి చక్రం అందించిన సాయమంతా ఎడ్లబండి రూపంలోనే అందింది. దూరం మోయాల్సిన సరుకుకు పడవ ఉండనే ఉంది.

రథం రాజుల వైభవంగా మిగిలింది. బెజవాడలో ఇప్పటికీ చెప్పుకునే మాధవవర్మ కథలో రాకుమారుడి రథం కింద పడి చింతచిగురు అమ్ముకునే పేదరాలి బిడ్డ చనిపోతాడు. రాజు కొడుక్కే మరణశిక్ష వేస్తాడు. కథలో న్యాయం సంగతి అందరికీ తెలుసు. నాకు మాత్రం అది వీధిలో ఆపలేని వాహనం కథలా కూడా వినిపిస్తుంది.

యుద్ధంలో రథం వెనకబడ్డాక గుర్రం విలువ తగ్గలేదు, ఇంకా పెరిగింది. జీను, రికాబు వచ్చాక రౌతుకు చక్రంతో పనే లేకుండా పోయింది. అయితే తీరాంధ్రలో మేలుజాతి గుర్రం పుట్టదు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో మనకు దక్షిణాన ఉన్న మాబార్ తీరం గురించి రాశాడు. అక్కడి రాజు ఏటా 2000కు పైగా గుర్రాలను అరబ్బు, పారశీక రేవుల నుంచి కొంటాడట. ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవట. వాటికి వండిన అన్నం, మాంసం పెడతారనీ, సంరక్షణ తెలిసినవాళ్లు లేరనీ ఆయన లెక్క. ఉక్కపోత వాతావరణం కూడా తన వంతు పని చేసే ఉంటుంది. చచ్చినవాటి చోట ప్రతి ఏడూ కొత్తవి కొనాలి. అంటే సైన్యం బలం ఓడల రాకపోకల మీద ఆధారపడిపోయింది.

అందుకే మోటుపల్లి రేవును ఈ కంటితో చూడాలి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర చిన్న ఊరు. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు బలవంతంగా లాక్కునేవారు. నేనలా చెయ్యను, సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోను అన్నది దాని సారాంశం. ఎగుమతి, దిగుమతులపై సుంకం 30వ వంతు. ఓడ మునిగితే ప్రాణాలు దక్కినా సరుకు దక్కదన్న భయం ఉన్నంతకాలం ఏ వర్తకుడూ విలువైన సరుకుతో ఈ తీరానికి రాడు. శాసనంలో పేర్కొన్నవి కర్పూరం, చందనం, ముత్యాల వంటి సరుకులే. కానీ అదే భరోసా గుర్రాల ఓడకూ కావాలి. సముద్రంలో వారాల తరబడి నీళ్లు, మేత పెట్టి బతికించి తెచ్చిన సరుకది.

కాకతీయులు పోయాక కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మరో శాసనంతో వర్తకులకు రాయితీలిచ్చాడు. ఆ రాజ్యానికి సరుకులు చేర్చిన అవచి తిప్పయసెట్టి శ్రీనాథుడి హరవిలాసానికి కృతిభర్త. అతను సింహళం నుంచి ఏనుగుల్ని, హురుముంజి నుంచి మేలి గుర్రాల్ని తెప్పించేవాడని శ్రీనాథుడే చెప్పాడు. హురుముంజి అంటే పారశీక సింధుశాఖ మొగదల ఉన్న హోర్ముజ్. కొండవీటి రౌతు ఎక్కిన గుర్రాన్ని అక్కణ్ణుంచి తేవడం ఒక సెట్టిగారి వ్యాపారం.