భూకంపాల పటంలో గుంపులు వెతికే లెక్క

బంగాళాఖాతానికి తూర్పు అంచున కొన్ని దశాబ్దాలుగా వచ్చిన భూకంపాలను పటం మీద చుక్కలుగా పెడితే అవి ఎలాపడితే అలా పడవు. మయన్మార్ దగ్గర మొదలై, అండమాన్ నికోబార్ దీవుల పక్కగా దిగి, సుమత్రా పొడవునా విల్లులా వంగుతాయి. 2004 డిసెంబరు 26న సునామీని పుట్టించిన భూకంపం ఈ వంపు మీదే, దాదాపు 1,300 కిలోమీటర్ల మేర పగులు తెచ్చింది. ఆ విల్లు మన కంటికి ఇట్టే కనిపిస్తుంది. కంప్యూటర్ దగ్గర ఉండేది మాత్రం అక్షాంశాలు, రేఖాంశాలు నిండిన పట్టిక ఒక్కటే. అందులోంచి ఆ ఆకారాన్ని అది ఎలా పసిగట్టాలి?

ఇలాంటి పనికి ఎక్కువమంది ముందుగా పట్టుకునేది కె-మీన్స్ పద్ధతిని. ఎన్ని గుంపులు కావాలో మనమే చెప్పాలి. అది అన్ని కేంద్రాలను పెట్టి, ప్రతి చుక్కనూ దగ్గరి కేంద్రానికి అప్పగిస్తుంది. తర్వాత ఒక్కో గుంపు సగటు ఎక్కడ పడిందో చూసి కేంద్రాన్ని అక్కడికి జరుపుతుంది. కేంద్రాలు కదలడం ఆగేదాకా ఇదే పని. చుక్కలు గుండ్రంగా, ఇంచుమించు ఒకే సైజు ముద్దలుగా ఉంటే ఫలితం చక్కగా వస్తుంది. కానీ రెండు కేంద్రాల మధ్య అది గీసే సరిహద్దు ఎప్పుడూ సరళరేఖే. సుమత్రాలో కందకం వెంట ఒక భూకంపాల వరస, దానికి తూర్పున నేల మీద సుమత్రా భ్రంశం వెంట ఇంకొకటి, పక్కపక్కనే సాగుతాయి. రెండు గుంపులు చేయమంటే కె-మీన్స్ ఈ వరసలను విడదీయదు. వాటి మధ్య ఎడం కన్నా పొడవు చాలా ఎక్కువ కాబట్టి, రెంటినీ కలిపి అడ్డంగా కోసి ఉత్తరపు ముక్క, దక్షిణపు ముక్క అంటుంది. లెక్క ప్రకారం అది తప్పు కాదు, భూమి లోపల జరిగేదానితో దానికి సంబంధం లేదంతే. ఒక వలయం లోపల ఇంకో వలయం ఉంటే పరిస్థితి మరీ ఘోరం. రెండింటి సగటూ ఒకే చోట పడుతుంది, ఇక కేంద్రాలు వాటిని విడదీసేదెలా?

1996లో మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ ఎస్టర్, హాన్స్-పీటర్ క్రీగెల్, యోర్గ్ సాండర్, షియావోవెయ్ షు కేంద్రాల ఊసే లేని పద్ధతిని ప్రతిపాదించారు. దాని పేరు డీబీస్కాన్. చుక్కలు ఎక్కడ ఒత్తుగా ఉన్నాయన్నదే దానికి ముఖ్యం. మనం ఇవ్వాల్సినవి రెండే సంఖ్యలు: ఎంత దూరం లోపల ఉంటే పొరుగు అనాలి, ఎంతమంది పొరుగువారుంటే ఒత్తు అనాలి. మొదటిది `eps`, రెండోది `min_samples`.

కాగితం మీద చేసి చూద్దాం. ఒక భ్రంశ రేఖ వెంట పది భూకంపాలు 0, 20, 45, 60, 85, 150, 240, 260, 275, 288 కిలోమీటర్ల దగ్గర వచ్చాయని అనుకుందాం. పొరుగు దూరం 30 కిలోమీటర్లు, కావలసిన సంఖ్య 3. ఈ మూడులో ఆ చుక్క కూడా లెక్కే. 20 దగ్గరి చుక్కకు 30 కిలోమీటర్ల లోపు 0, 45 ఉన్నాయి. తనతో కలిపి మూడు, కాబట్టి అది కోర్ చుక్క. అలాగే 45, 60 కూడా కోర్ చుక్కలే. ఇవి ఒకదానికొకటి పొరుగు కాబట్టి ఒకే గుంపు. 0కి ఒక్క పొరుగే ఉన్నా, ఆ పొరుగు కోర్ చుక్క కాబట్టి అది అంచు చుక్కగా అదే గుంపులో చేరుతుంది. 85 సంగతీ అంతే. అవతల 260, 275, 288 కోర్ చుక్కలై, 240 అంచు చుక్కగా రెండో గుంపు తయారవుతుంది. మిగిలిన 150కి దరిదాపుల్లో ఎవరూ లేరు. దాన్ని డీబీస్కాన్ ఏ గుంపులోనూ చేర్చదు, నాయిస్ అని పక్కన పెట్టి −1 అని గుర్తు వేస్తుంది. గుంపులు ఎన్నో మనం ఎక్కడా చెప్పలేదు.

ఈ పదింటినే కె-మీన్స్‌కు ఇచ్చి రెండు గుంపులు అడిగితే, 150ని ఎక్కడో ఒకచోట చేర్చక తప్పదు. అది ఎడమ గుంపులోకి వెళ్తుంది. దానివల్ల ఆ గుంపు కేంద్రం 42 నుంచి 60కి జరుగుతుంది. ఒక్క ఒంటరి భూకంపం 18 కిలోమీటర్లు లాగేసిందన్నమాట.

అసలు చిక్కు ఆ రెండు సంఖ్యలను ఎంచుకోవడంలో ఉంది. దూరం 12కి తగ్గిస్తే ఎవరికీ పొరుగు దొరకదు, అన్నీ −1లే. 100కి పెంచితే 150 దగ్గరి చుక్క ఎడమా కుడీ రెంటినీ అందుకుని వంతెన కడుతుంది, పదీ ఒకే గుంపైపోతాయి. దూరం 30 గానే ఉంచి, సంఖ్యను 4 చేస్తే ఎడమ గుంపు మొత్తం మాయమవుతుంది, కుడిది మిగులుతుంది. అన్నీ −1 రావడం, అన్నీ ఒకటే కావడం, ఈ రెండూ సంఖ్య తప్పిందని చెప్పే గుర్తులు.

దారి చూపే ఉపాయం ఒకటుంది. సంఖ్య 3 అనుకుంటే, ప్రతి చుక్కకూ తన రెండో దగ్గరి పొరుగు ఎంత దూరమో రాసి వరసలో పెట్టాలి. మన పదింటికీ అది 15, 20, 25, 25, 25, 28, 35, 40, 45, 90. చివర 45 నుంచి 90కి గెంతింది. ఆ గెంతుకు ముందున్న చోట దూరాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ 25 నుంచి 65 లోపు ఏది పెట్టినా అవే గుంపులు వస్తాయి. అంత విశాలమైన పరిధిలో జవాబు మారలేదంటే దాన్ని నమ్మవచ్చు. 30కి ఒక జవాబు, 32కి ఇంకో జవాబు వస్తుంటే, ఆ గుంపులు డేటాలో ఉన్నవో మన ఎంపిక పుట్టించినవో అనుమానించాలి.

నిజమైన భూకంపాల పట్టికలో దూరాన్ని గోళం మీద కొలవాలి. రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు, కశ్మీర్ దగ్గర సుమారు 92. అందుకే ఇలా రాస్తారు:

```python
import numpy as np
from sklearn.cluster import DBSCAN

xy = np.radians(df[["latitude", "longitude"]])
labels = DBSCAN(eps=50/6371, min_samples=10,
                metric="haversine",
                algorithm="ball_tree").fit_predict(xy)
```

6371 భూమి వ్యాసార్ధం, కిలోమీటర్లలో. దానితో భాగించడం మరిచి `eps=50` అని పెడితే భూమండలమంతా ఒకే గుంపుగా వస్తుంది. ఎందుకంటే ఈ కొలతలో ఏ రెండు చోట్ల మధ్య దూరమైనా 3.15 దాటదు.

ఇలా చేసినా సుమత్రాలోని రెండు వరసలు శుభ్రంగా విడిపోతాయని హామీ లేదు. కందకం దగ్గర కిందికి దిగే పలక ఏటవాలుగా దీవి అడుగుకు వెళ్తుంది. అక్కడి లోతైన భూకంపాలు పై నుంచి చూస్తే భ్రంశం వరసకు దగ్గరగా పడి వంతెన కట్టేస్తాయి. లోతును మూడో కొలతగా చేర్చాలి, అప్పుడు గోళపు సూత్రం సరిపోదు, చుక్కలన్నిటినీ కిలోమీటర్లలో మూడు అక్షాలకు మార్చుకోవాలి.

దాని పెద్ద బలహీనత వేరే ఉంది. దూరం ఒక్కటే కాబట్టి, ఒత్తు కూడా అంతటా ఒకే తూకంలో చూస్తుంది. సుమత్రాకు సరిపడిన సంఖ్యలతో దక్కన్ పీఠభూమిని చూస్తే ఇక్కడివి దాదాపు అన్నీ నాయిస్‌లోకి పోతాయి. 1969 నాటి భద్రాచలం భూకంపం, 1993లో వేలమందిని బలిగొన్న లాతూర్ భూకంపం కూడా ఆ −1ల్లో ఉండవచ్చు. ఆ గుర్తుకు అర్థం పక్కన తోడు లేదని మాత్రమే, ప్రమాదం లేదని కాదు. ఆ గడులను చెత్తగా భావించి తుడిచేసేవాళ్లను చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. దక్కన్‌కు వేరే సంఖ్యలతో విడిగా లెక్క చేయడం ఒక మార్గం. ఒకే దూరానికి కట్టుబడకుండా, రకరకాల ఒత్తులను ఒకేసారి చూసే హెచ్‌డీబీస్కాన్‌ను వాడటం ఇంకో మార్గం. 2013లో వచ్చిన ఆ పద్ధతిని రూపొందించినవారిలో యోర్గ్ సాండర్ కూడా ఉన్నారు. అందులో దూరం ఇవ్వనక్కర్లేదు, గుంపు అనడానికి కనీసం ఎన్ని చుక్కలుండాలో మాత్రం ఇంకా మనమే చెప్పాలి.