పిల్లల బర్త్‌డేలో నిధి వేట: చిట్టీలు తారుమారు కాకుండా ఇలా

ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల బర్త్‌డేకి నిధి వేట పెడితే ఎక్కువగా జరిగేది ఒకటే. చురుకైన ఒక్కడు చిట్టీలన్నీ లాక్కుని పరిగెడతాడు, మిగతావాళ్లు వెనక నిలబడి చూస్తారు. దీనికి మందు రెండు టీములు, రెండు రంగుల చిట్టీలు.

ఎనిమిది మంది వస్తున్నారనుకోండి. నలుగురు ఎరుపు, నలుగురు నీలం. ఎరుపు టీము దారి: చెప్పుల స్టాండు, ఫ్రిజ్, కూలర్, పూలకుండీ. నీలం టీముకి కూలర్, పూలకుండీ, చెప్పుల స్టాండు, ఫ్రిజ్. ఇద్దరికీ చివరి చోటు బియ్యం డబ్బా వెనకాల. టీముకి ఐదు చిట్టీలు. మొదటిది చేతికిస్తారు, నాలుగు దాస్తారు.

తప్పు జరిగేది ఇక్కడే. ‘పాలు, పెరుగు నా కడుపులో చల్లగా ఉంటాయి’ అనే చిట్టీని తీసుకెళ్లి ఫ్రిజ్‌లోనే పెట్టేస్తారు. ఎరుపు వాళ్లకైతే అది చెప్పుల స్టాండులో ఉండాలి. చివరి నుంచి వెనక్కి దాచుకుంటూ వస్తే ఈ గందరగోళం ఉండదు. చిట్టీ వెనకాల అది దాచే చోటు పేరు రాసుకోవద్దు, పిల్లలు ముందు అదే చదువుతారు! జాబితా పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

ఒక్కో చిట్టీ ఒక్కొక్కరు చదవాలని ముందే చెప్పాలి. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలుగు, ఉర్దూ చదవడం కష్టమైతే బొమ్మ గీస్తే చాలు. పొయ్యి దగ్గర, మెట్ల మీద ఏదీ దాచొద్దు.

బహుమతులు మాత్రం అందరికీ ఒకేలా ఉండాలి: పెన్సిల్, రబ్బరు, చాక్లెట్. చెప్పకుండా వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రెండు ఎక్కువే కట్టించాలి.