పొగమంచు – స్మాగ్: మేళన పదాలలో అర్థం ఏర్పడే తీరు

తెలుగులోని ‘పొగమంచు’లోనూ, ఆంగ్లంలోని ‘స్మాగ్’లోనూ పొగ ఉంది, మంచు ఉంది. అయినా ఒకటి రెండవదానికి అనువాదం కాదు. శీతకాలపు వేకువలో నది మీద కమ్ముకొనే పొగమంచులో పొగ ఉండదు. పొగలాగా కనిపించే మంచు కనుకనే దానికి ఆ పేరు వచ్చింది. ఇక్కడ ‘పొగ’ పోలికను మాత్రమే చెబుతుంది. స్మాగ్ అనే మాట పుట్టినప్పుడు అందులోని పొగ పోలిక కాదు, బొగ్గు పొయ్యిల నుంచి వచ్చిన అసలైన పొగ. రెండు పదాలు కలిసినప్పుడు వాటి మధ్య సంబంధం ఏమిటో ఆ కలయిక తనంతట తాను చెప్పదని ఈ జంట చూపుతుంది. ఆంగ్లంలో బ్రంచ్, స్మాగ్, మోటెల్ వంటి మాటల అర్థాన్ని గ్రహించడానికి ఇదే కీలకం.

ఇటువంటి మాటలకు ఆంగ్లంలో ‘పోర్ట్‌మాంటో’ పదాలనే పేరు లూయీ కారోల్ రచన ద్వారా వచ్చింది. 1871 చివరలో వెలువడిన ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’లో హంప్టీ డంప్టీ అనే పాత్ర, ఒకే మాటలో రెండు అర్థాలను మడిచి పెట్టడాన్ని రెండు అరలుగా తెరుచుకొనే ప్రయాణపు పెట్టెతో పోలుస్తుంది. తెలుగులో వీటిని ‘మిశ్ర పదాలు’ అనడం సులువే గాని, చిన్నయసూరి బాలవ్యాకరణంలో తత్సమ, ఆచ్ఛిక పదాల కలయికకు ‘మిశ్ర సమాసం’ అనే పేరు ముందే ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో ‘మేళన పదం’ అనే వ్యవహారం స్వీకరించబడింది.

కోత ఎక్కడ పడుతుంది?

సమాసంలో పదాలు సాధారణంగా పూర్తిగా నిలుస్తాయి. ‘చింత’, ‘ఆకు’ కలిసి ‘చింతాకు’ అయినప్పుడు పోయేది ఒక్క అచ్చు మాత్రమే. మేళన పదంలో అలా కాదు. ‘స్మోక్’లో తొలి హల్లులు, ‘ఫాగ్’లో చివరి భాగం మిగిలి ‘స్మాగ్’ అవుతుంది. ‘బ్రేక్‌ఫాస్ట్’లో ‘బ్ర’ మాత్రమే నిలిచి, ‘లంచ్’ తన తొలి హల్లును కోల్పోయి ‘బ్రంచ్’ అవుతుంది. ‘మోటార్’, ‘హోటెల్’ రెండింటికీ నడుమ ‘ఓట్’ అనే ధ్వని ఉమ్మడిగా ఉంది కనుక ‘మోటెల్’లో అతుకు ఎక్కడుందో వేలుపెట్టి చూపడం కష్టం. ఈ మూడు మాటలూ పొడవులో రెండవ పదాన్నే అనుసరించాయి. ‘మోటెల్’ ఊనికలో కూడా ‘హోటెల్’నే పోలి ఉంటుంది.

తెలుగు వ్యాకరణంలో దీనికి దగ్గరగా వచ్చేది ప్రాతాది సంధి. ‘పూవు’, ‘తోట’ కలిసి ‘పూదోట’ అయినప్పుడు మొదటి పదంలో తొలి అక్షరం తప్ప మిగిలినది లోపిస్తుంది. కాని రెండవ పదం తొలి హల్లును మార్చుకున్నా కోతకు గురికాదు. పైగా ఈ లోపం కొన్ని పదాలకే పరిమితం. అన్నిటికంటే ముఖ్యంగా, పూదోట ఎంత కుదించుకున్నా తోటే. బ్రంచ్ గురించి ఆ మాట అనలేము.

కోత ఇష్టం వచ్చినచోట పడితే మాట నిలవదు. స్మోక్, ఫాగ్‌లను వరుస మార్చి ‘ఫోక్’ అని కలిపి ఉంటే, ‘జనం’ అనే అర్థమున్న ‘ఫోక్’తో అది కలిసిపోయి, పొగ గాని మంచు గాని ఎవరికీ తట్టేవి కావు. మిగిలిన ముక్కలు తాము వచ్చిన పూర్తి పదాలను వినేవారికి గుర్తుచేయాలి.

మూడు మాటలు, మూడు సంబంధాలు

1895లో గై బెరింజర్ అనే రచయిత ఇంగ్లండులోని ‘హంటర్స్ వీక్లీ’లో ఆదివారపు ఆలస్య భోజనాన్ని సమర్థిస్తూ రాసిన వ్యాసంలో ‘బ్రంచ్’ కనిపిస్తుంది. మరుసటి ఏడాది ‘పంచ్’ పత్రిక ఇంకొక భేదాన్ని కూడా పేర్కొన్నది: ఉదయపు ఫలహార సమయానికి దగ్గరైతే బ్రంచ్, మధ్యాహ్న భోజనానికి దగ్గరైతే ‘బ్లంచ్’. రెండవది బతకలేదు. అంత సన్నని తేడాకు వేరే పేరు అవసరమని వాడుక ఒప్పుకోలేదనుకోవాలి. బ్రంచ్ అనగా ఫలహారమూ భోజనమూ రెండూ తినడం కాదు, ఆ రెండింటికీ బదులుగా ఒక్కసారి తినడం. ‘బదులుగా’ అనే ఈ భావం విడి పదాలలో దేనిలోనూ లేదు.

మోటెల్ తీరు వేరు. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయీ ఒబిస్పోలో ఆర్థర్ హైన్‌మన్ కార్లలో వచ్చే ప్రయాణికుల కోసం తెరిచిన బస ఈ పేరుతో ప్రసిద్ధం. మోటెల్ ఒక రకం హోటెలే. మొదటి పదం విశేషణం, రెండవది విశేష్యం. ఈ మూడింటిలో సమాసానికి అతి దగ్గరగా ఉన్నది ఇదే. స్మాగ్‌లోనైతే ఆ రెండు పదార్థాలూ గాలిలో నిజంగానే కలిసి ఉన్నాయి. ఇలా కోత విధానం ఇంచుమించు ఒకటే అయినా ఒకచోట ప్రత్యామ్నాయం, ఒకచోట విశేషణం, ఒకచోట మిశ్రణం. ఏది ఏదో పదం రూపం చెప్పదు, లోకజ్ఞానం చెబుతుంది.

పొగా లేదు, మంచూ లేదు

1905లో లండన్‌లో జరిగిన ప్రజారోగ్య సభలో హెన్రీ ఆంట్వాన్ డె వో అనే వైద్యుడు నగరపు గాలిని వర్ణిస్తూ ‘స్మాగ్’ అనడంతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కప్పిన స్మాగ్‌లో బొగ్గు పొగ, గంధకపు వాయువు, తేమ కలిసి ఉన్నాయి. నాటి లెక్కల ప్రకారం సుమారు 4,000 మంది మరణించారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 వరకు అంచనా వేశారు. 1956లో పరిశుభ్ర వాయు చట్టం వచ్చింది.

అంతకుముందే, 1940లలో, లాస్ ఏంజలిస్ గాలికీ ఇదే పేరు తగిలించారు. అక్కడ కళ్ళు మండించే గోధుమరంగు తెర ఎండ కాసే రోజుల్లోనే చిక్కబడేది. 1950ల ఆరంభంలో ఆరీ హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, వాహనాలూ చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు సూర్యకాంతిలో చర్య జరిపి ఓజోన్ తయారుచేస్తాయని నిరూపించాడు. అంటే అందులో లండన్ నాటి పొగా లేదు, మంచూ లేదు. అయినా పేరు మారలేదు. అప్పటికే ఆ మాట తన రెండు ముక్కల మీద ఆధారపడటం మానేసి, ‘నగరంలో కనబడే విషపు గాలి’ అనే సొంత అర్థాన్ని సంపాదించుకుంది. పూర్తి పదాలు కళ్ళ ముందు నిలిచే సమాసం కంటే, ముక్కలు మసకబారిన మేళన పదానికి ఇటువంటి జారుడు సులభం.

తెలుగులో చిక్కు ఇక్కడే వస్తుంది. ‘ఫాగ్’కే పొగమంచు అంటున్నందున, ‘స్మాగ్’ను విడగొట్టి అనువదిస్తే ‘పొగ–పొగమంచు’ అవుతుంది. ఢిల్లీ శీతకాలం గురించిన వార్తలో రెండింటికీ పొగమంచు అనే రాస్తే, విమానాలు ఆలస్యం కావడానికి కారణం నీటి తుంపరలా, ఊపిరితిత్తులలోకి వెళ్ళే సూక్ష్మ ధూళి కణాలా అన్నది పాఠకునికి తెలియదు. పొగమంచు పొద్దెక్కితే విడిపోతుందని తెలుగువారి అనుభవం. లాస్ ఏంజలిస్ తరహా స్మాగ్ పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. పాత అనుభవాన్ని నమ్మి ఉబ్బసం ఉన్న మనిషి ఎండ వచ్చాక బయటికి వెళితే అపాయం. అందువల్ల ‘కాలుష్య పొగమంచు’ కూడా సగమే సరిపోతుంది. అందులోని విశేష్యం ఇంకా మంచే. ‘స్మాగ్’ను తెలుగు లిపిలో యథాతథంగా ఉంచి, మొదటిసారి వచ్చినచోట అది పొగతో కూడినదా, ఎండలో పుట్టినదా అని ఒక వాక్యంలో వివరించడమే ప్రస్తుతానికి మేలైన పద్ధతి.